మీ ఎస్ఎస్ఎన్ మీద ఇంకెవరైనా జీతం తీసుకుంటున్నారా, బెనిఫిట్స్ వాడుకుంటున్నారా? చెక్ చేసుకునే పద్ధతి మొత్తం

ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు, అడిగినవాళ్ళందరూ దాదాపు ఒకే మాటతో మొదలుపెట్టారు, "క్రెడిట్ ఫ్రీజ్ పెట్టేశాను కదా, ఇంకా ఏం చెయ్యాలి?" అని. క్రెడిట్ ఫ్రీజ్ ఆపేది కొత్త లోన్లని, కొత్త కార్డుల్ని మాత్రమే. ఎవడో మీ సోషల్ సెక్యూరిటీ నంబరు రాసిచ్చి ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగంలో చేరితే, లేదా మీ పేరు మీద అన్ఎంప్లాయ్‌మెంట్ క్లెయిమ్ పెడితే, మధ్యలో క్రెడిట్ బ్యూరో ప్రమేయమే ఉండదు, మీకు అలర్ట్ కూడా రాదు. రెండేళ్ళ తర్వాత ఐఆర్ఎస్ నుంచి లెటర్ వస్తే అప్పుడు తెలుస్తుంది.

అందుకే ఇక్కడ ఆ రెండిటి గురించే చెప్తాను: మీ నంబరు మీద జీతం రాయించుకోవడం, మీ నంబరు మీద ప్రభుత్వ డబ్బు తీసుకోవడం. మొదటిసారి చేసేటప్పుడు ఒక శనివారం పొద్దున కేటాయించండి, తర్వాత ఏడాదికోసారి అరగంట చాలు.

## 1. ముందు ఇవన్నీ దగ్గర పెట్టుకోండి

కంప్యూటర్ ముందు కూర్చునేముందే కాగితాలు తీసిపెట్టుకోవాలి, లేకపోతే స్క్రీన్ మీద అంకె కనపడుతుంది కానీ అది కరెక్టో కాదో చెప్పలేరు.

- అమెరికాలో పనిచేసిన ప్రతి సంవత్సరం డబ్ల్యూ-2. ఒకే ఏడాదిలో కంపెనీ మారితే రెండూ కావాలి
- ప్రతి సంవత్సరం ఫైల్ చేసిన టాక్స్ రిటర్న్ కాపీ
- ఎస్ఎస్ఎన్ కార్డు, అందులో పేరు ఎలా ప్రింట్ అయ్యిందో చూడటానికి
- డ్రైవర్ లైసెన్స్ లేదా స్టేట్ ఐడీ, ఫోటో తీసి పెట్టాల్సి వస్తుంది
- మీ పేరు మీద ఉన్న ఫోన్, మీరొక్కరే వాడే ఈమెయిల్
- ఏ వీసా మీద ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఉన్నారో ఒక చిన్న కాగితం మీద రాసుకోండి. ఓపీటీ ఎప్పుడు మొదలైంది, హెచ్1బీ ఎప్పుడు వచ్చింది అనేది ఎందుకు కావాలో కింద తెలుస్తుంది

పాత డబ్ల్యూ-2లు దొరక్కపోతే ఆగిపోకండి, ఐదో స్టెప్‌లో ఐఆర్ఎస్ దగ్గర నుంచే ఫ్రీగా తీసుకోవచ్చు.

## 2. సోషల్ సెక్యూరిటీ అకౌంట్ మీరే ముందు తెరవండి

అడ్రస్ ssa.gov/myaccount. గూగుల్‌లో వెతికి పైన కనపడే యాడ్ మీద నొక్కకుండా, అడ్రస్ బార్‌లో మీరే టైప్ చెయ్యండి, చివర .gov ఉందో లేదో చూసుకోండి. లాగిన్ అవ్వడానికి Login.gov గానీ ID.me గానీ వాడాలి. రెండిట్లో ఏదైనా పర్లేదు, కానీ ఐఆర్ఎస్ అకౌంట్‌కి ఎలాగూ ID.me కావాలి కాబట్టి ఒక్కదానితోనే రెండు పనులూ అయిపోతాయి.

ఈ అకౌంట్ తెరవడమే సగం రక్షణ. మీరు తెరవకపోతే మీ వివరాలు దొరికినవాడు మీ పేరుతో తెరిచే ప్రయత్నం చెయ్యొచ్చు. మీరు మొదటిసారి తెరుస్తుంటే మీ పేరు మీద అకౌంట్ ఆల్రెడీ ఉందని వస్తే, ముందు ఇంట్లో అడగండి, మీ ఆవిడో మీ ఆయనో ఎప్పుడో తెరిచి మర్చిపోయి ఉండొచ్చు. ఎవరూ తెరవలేదంటే ఇంక ఆన్‌లైన్‌లో కుస్తీ పట్టకుండా 1-800-772-1213 కి ఫోన్ చెయ్యండి, పొద్దున్నే చేస్తే వెయిటింగ్ తక్కువ.

లోపలికి వెళ్ళాక రెండే రెండు డౌన్‌లోడ్ చేస్కోండి. ఒకటి సంవత్సరాలవారీ ఎర్నింగ్స్ రికార్డ్ ఉన్న స్టేట్‌మెంట్. రెండోది బెనిఫిట్ వెరిఫికేషన్ లెటర్, దీని పని ఆరో స్టెప్‌లో ఉంది.

## 3. ఏ కాలమ్‌ని ఏ బాక్స్‌తో పోల్చాలి

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. కొందరు డబ్ల్యూ-2లో బాక్స్ 1 చూసి, స్టేట్‌మెంట్‌లో అంకె దానికన్నా పదమూడు వేలు ఎక్కువ ఉందని కంగారుపడిపోయి నాకు ఫోన్ చేస్తారు. అది దొంగతనం కాదు, వాళ్ళ 401కె.

బాక్స్ 1 అంటే ఇన్‌కమ్ టాక్స్ లెక్కకి వచ్చే జీతం, మామూలు 401కె కింద పక్కన పెట్టిన డబ్బు అందులోంచి తీసేస్తారు. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ లెక్కకి మాత్రం 401కె డబ్బు కూడా జీతమే. కాబట్టి పోల్చాల్సింది ఇలా:

- స్టేట్‌మెంట్‌లో సోషల్ సెక్యూరిటీ కాలమ్ ↔ డబ్ల్యూ-2 బాక్స్ 3
- స్టేట్‌మెంట్‌లో మెడికేర్ కాలమ్ ↔ డబ్ల్యూ-2 బాక్స్ 5
- ఒకే ఏడాదిలో రెండు డబ్ల్యూ-2లు ఉంటే రెండిటి బాక్స్ 5 కూడి పోల్చాలి

ఈ రెండు కాలమ్స్‌లో మీరు నమ్మాల్సింది మెడికేర్ కాలమ్‌ని. ఎందుకంటే సోషల్ సెక్యూరిటీ టాక్స్‌కి ఏటా ఒక గరిష్ఠ పరిమితి ఉంటుంది, 2023లో 1,60,200 డాలర్లు, 2024లో 1,68,600, 2025లో 1,76,100. మీ జీతం అంతకన్నా ఎక్కువైతే ఆ కాలమ్‌లో పరిమితి దగ్గరే అంకె ఆగిపోతుంది. అంటే ఐటీలో మంచి జీతం వచ్చేవాళ్ళ నంబరు మీద ఇంకొకడు ఇరవై వేలు రాయించుకున్నా సోషల్ సెక్యూరిటీ కాలమ్‌లో ఒక్క డాలరు తేడా కూడా కనపడదు. మెడికేర్‌కి పరిమితి లేదు కాబట్టి ఆ ఇరవై వేలు అక్కడ బయటపడతాయి. భార్యాభర్తలిద్దరూ పరిమితి దాటి సంపాదించే ఇళ్ళల్లో నేను మొదట చూసేది మెడికేర్ కాలమే.

ఇంకొక్క మాట, పోయిన ఏడాది అంకె ఇంకా ఎక్కకపోవచ్చు. కంపెనీలు జనవరి 31 కల్లా డబ్ల్యూ-2లు పంపినా, అవి రికార్డులోకి చేరడానికి నెలలు పడుతుంది. ఫిబ్రవరిలో చూసి ఖాళీగా ఉందని భయపడకండి, ఆగస్టులోనో సెప్టెంబరులోనో చూడండి.

## 4. తేడా కనపడింది, కానీ దొంగతనమేనా?

అంకె కలవకపోతే వెంటనే కంప్లైంట్ పెట్టెయ్యకుండా ఈ నాలుగూ ఒకసారి చూస్కోండి.

ఓపీటీ సంవత్సరాల్లో సున్నా. ఎఫ్1 మీద ఉన్నవాళ్ళు టాక్స్ లెక్కలో నాన్ రెసిడెంట్‌గా ఉన్నంతకాలం, మామూలుగా మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు, సోషల్ సెక్యూరిటీ మెడికేర్ టాక్స్‌లు కట్టక్కర్లేదు. డబ్ల్యూ-2లో బాక్స్ 3, బాక్స్ 5 ఖాళీగా ఉంటాయి. కాబట్టి స్టేట్‌మెంట్‌లో ఆ ఏళ్ళకి సున్నా ఉంటే అదే కరెక్ట్. దీన్ని తిరగేసి కూడా చూడాలి, మీరు ఆ టాక్స్ కట్టని ఏడాదిలో ఏదైనా అంకె కనపడితే అది మీది కాదు. మనవాళ్ళ విషయంలో పట్టుకోవడానికి ఇంతకన్నా తేలికైన ఆనవాలు లేదు.

మీ జీతమే కనపడట్లేదు. ఇది మన పేర్ల వల్ల ఎక్కువ జరుగుతుంది. ఇంటిపేరు ముందు, పేరు వెనక, పాస్‌పోర్టులో ఒకలా, ఎస్ఎస్ఎన్ కార్డులో ఒకలా, పేరోల్‌లో ఇంకోలా. పేరూ నంబరూ కలవకపోతే ఆ జీతం మీ రికార్డులో పడదు, పేరు తేలని జీతాలన్నీ పెట్టే ఎర్నింగ్స్ సస్పెన్స్ ఫైల్ అనే దాంట్లోకి పోతుంది. ఎవరూ దొంగిలించలేదు, కానీ పెన్షన్ లెక్కకి మీకు రావాల్సిన క్రెడిట్స్ రావు. కంపెనీ పేరోల్‌లో పేరు ఎస్ఎస్ఎన్ కార్డులో ఉన్నట్టే అక్షరం పొల్లు పోకుండా ఉండేలా మార్పించి, పాత జీతం కోసం SSA-7008 ఫారం పెట్టాలి.

తప్పు అంకె టైపింగ్. వేరే ఎవరిదో ఎస్ఎస్ఎన్‌లో ఒక అంకె తప్పు కొడితే మీది అవ్వొచ్చు. ఒక్క ఏడాది మాత్రమే, చిన్న మొత్తం వచ్చి ఆగిపోతే ఇదీ ఒక అవకాశం. సరిచేసే దారి మాత్రం ఒకటే.

కంపెనీ అమ్ముడుపోయింది, పేరు మారింది. కన్సల్టెన్సీల్లో పనిచేసినవాళ్ళకి పేస్లిప్ మీద ఒక పేరు, డబ్ల్యూ-2 మీద ఇంకో పేరు ఉండటం మామూలే. మొత్తం కలిస్తే పేరు వేరైనా పర్లేదు.

ఆ సస్పెన్స్ ఫైల్ వల్ల ఇంకో సంగతి కూడా ఉంది. దొంగ మీ నంబరు వాడి తన సొంత పేరే ఇస్తే, ఆ జీతం కూడా పేరు కలవక అక్కడికే పోతుంది, మీ స్టేట్‌మెంట్ శుభ్రంగా కనపడుతుంది. అందుకే స్టేట్‌మెంట్ కరెక్టుగా ఉందని అక్కడితో ఆపెయ్యకూడదు.

## 5. ఐఆర్ఎస్ దగ్గర వేజ్ అండ్ ఇన్‌కమ్ ట్రాన్స్‌క్రిప్ట్ తీయండి

నా దృష్టిలో ఇదే అసలు కాగితం. సోషల్ సెక్యూరిటీ స్టేట్‌మెంట్ ఏడాదికి ఒక మొత్తమే చెప్తుంది, ఎవరు ఇచ్చారో చెప్పదు. ఐఆర్ఎస్ ట్రాన్స్‌క్రిప్ట్‌లో మీ నంబరు మీద వచ్చిన ఫారాలు విడివిడిగా ఉంటాయి, ఒక్కో డబ్ల్యూ-2 ఒక్కో బ్లాక్.

irs.gov లో మీ అకౌంట్‌లోకి వెళ్ళి, టాక్స్ రికార్డుల్లో ఉండే ట్రాన్స్‌క్రిప్టుల్లో "Wage & Income" అనేది ఎంచుకోండి. పదేళ్ళ వరకు దొరుకుతాయి, ఒక్కో ఏడాదిది ఒక్కో పీడీఎఫ్. కంపెనీ పేరులో మొదటి నాలుగు అక్షరాలు, ప్రతి కంపెనీకీ ఉండే టాక్స్ నంబరు ఈఐఎన్‌లో చివరి నాలుగు అంకెలు మాత్రమే చూపిస్తారు. మీ డబ్ల్యూ-2 పక్కన పెట్టి ఆ నాలుగంకెలు కలుస్తున్నాయో లేదో చూడటానికి అది చాలు.

ప్రతి పీడీఎఫ్‌లో వెతకాల్సినవి ఇవి:

- డబ్ల్యూ-2: మీరు పనిచేసిన కంపెనీల సంఖ్యకన్నా ఒక్కటి ఎక్కువున్నా గుర్తు పెట్టుకోండి
- 1099-ఎన్ఈసీ, 1099-కె: మీ పేరు మీద ఎవరైనా డెలివరీ, డ్రైవింగ్ యాప్ అకౌంట్లు నడుపుతున్నారేమో ఇక్కడ తెలుస్తుంది
- 1099-జి: అన్ఎంప్లాయ్‌మెంట్ డబ్బు. స్టేట్ టాక్స్ రీఫండ్ వచ్చినా ఇదే ఫారం వస్తుంది కాబట్టి ఏ గడిలో అంకె ఉందో చూడండి
- SSA-1099: సోషల్ సెక్యూరిటీ పెన్షన్ లేదా డిసబిలిటీ డబ్బు

ఆ రెండోది నేను ప్రత్యేకంగా ఎందుకు చెప్తున్నానంటే, యాప్ పని చేసేవాళ్ళని కాంట్రాక్టర్లుగా లెక్కేస్తారు, ఆ సంపాదన సోషల్ సెక్యూరిటీ రికార్డులోకి రావాలంటే ఎవరో టాక్స్ రిటర్న్‌లో చూపించాలి. దొంగ చూపించడు. కాబట్టి అలాంటి వాడకం సోషల్ సెక్యూరిటీ స్టేట్‌మెంట్‌లో ఎప్పటికీ కనపడదు, ఈ ట్రాన్స్‌క్రిప్ట్‌లోనే కనపడుతుంది.

టైమింగ్ ఇక్కడా అంతే, పోయిన సంవత్సరం వివరాలు పూర్తిగా రావాలంటే జులై దాకా ఆగాలి.

## 6. బెనిఫిట్స్ ఎవరైనా తీసుకుంటున్నారా

బెనిఫిట్స్ అన్నీ ఒకచోట చూపించే కిటికీ ఏదీ లేదు, ఫెడరల్ ఒకవైపు, స్టేట్ ఇంకోవైపు. ఉన్నంతలో ఇలా చూడాలి.

సోషల్ సెక్యూరిటీ, ఎస్ఎస్ఐ. రెండో స్టెప్‌లో తీసుకున్న బెనిఫిట్ వెరిఫికేషన్ లెటర్ తెరవండి. మీరు ఏమీ తీసుకోకపోతే అదే మాట అందులో ఉంటుంది. ఆదాయం తక్కువున్న పెద్దవాళ్ళకి, వికలాంగులకి ఇచ్చే ఎస్ఎస్ఐకి టాక్స్ లేదు కాబట్టి దానికి SSA-1099 రాదు, ట్రాన్స్‌క్రిప్ట్‌లోనూ కనపడదు, అందుకే ఈ లెటర్ విడిగా చూడాలి. మీతో ఉండే పెద్దవాళ్ళెవరైనా నిజంగానే పెన్షన్ తీసుకుంటుంటే, వాళ్ళ అకౌంట్‌లో డైరెక్ట్ డిపాజిట్ బ్యాంకు వివరాలు మారాయేమో కూడా చూడండి. ఆన్‌లైన్‌లో ఎవరూ మార్చకుండా బ్లాక్ పెట్టమని సోషల్ సెక్యూరిటీ ఆఫీసులో అడగొచ్చు.

అన్ఎంప్లాయ్‌మెంట్. ఇది స్టేట్ ఇచ్చేది. ఎవరైనా మీ పేరు మీద క్లెయిమ్ పెడితే స్టేట్ మీ కంపెనీకి నోటీసు పంపుతుంది, కాబట్టి ఉద్యోగంలో ఉండగానే హెచ్ఆర్ వాళ్ళు "మీరు క్లెయిమ్ పెట్టారా?" అని అడిగితే నవ్వి ఊరుకోకండి, ఆ రోజే ఆ స్టేట్ ఏజెన్సీకి రిపోర్ట్ చెయ్యండి. జనవరి ఆఖరులో మీరు తీసుకోని డబ్బుకి 1099-జి వస్తే సరిచేసిన 1099-జి ఇమ్మని అడగండి. అది రాకపోయినా రిటర్న్ ఆపక్కర్లేదు, మీకు నిజంగా వచ్చిన ఆదాయమే చూపించి ఫైల్ చేసుకోవచ్చు.

హెల్త్ ఇన్సూరెన్స్ సబ్సిడీ. మీరు ఎప్పుడూ మార్కెట్‌ప్లేస్ ప్లాన్ తీసుకోకపోయినా 1095-ఎ వచ్చినా, లేదా ఫారం 8962 లేదని ఈ-ఫైల్ రిజెక్ట్ అయినా, మీ పేరు మీద ఎవరో ప్లాన్ ఎక్కించారని అర్థం. HealthCare.gov వాళ్ళకి, లేదా మీ స్టేట్ మార్కెట్‌ప్లేస్‌కి ఫోన్ చెయ్యాలి.

ఫుడ్ స్టాంప్స్, మెడికెయిడ్ లాంటివి బయటనుంచి చూసే వీలు లేదు. ఆ ఆఫీసుల నుంచి లెటర్లు వస్తే చింపెయ్యకుండా తెరిచి చూడటం ఒక్కటే దారి.

## 7. ఒక కేసు, మొదటినుంచి చివరిదాకా

మా బావమరిది డాలస్‌లో ఉంటాడు. 2023 డబ్ల్యూ-2లో బాక్స్ 1 లో 1,18,900, బాక్స్ 3 లో, బాక్స్ 5 లో 1,32,400. మధ్యలో ఉన్న 13,500 అతని 401కె, అంతవరకు సరిపోయింది. సోషల్ సెక్యూరిటీ స్టేట్‌మెంట్‌లో మాత్రం 2023కి రెండు కాలమ్స్‌లోనూ 1,51,860 ఉంది. తేడా 19,460.

మొదట బోనస్ ఏమో అనుకున్నాడు. బోనస్ అయితే డబ్ల్యూ-2లోనే ఉండాలి కదా అని నేను ట్రాన్స్‌క్రిప్ట్ తీయమన్నాను. 2023 పీడీఎఫ్‌లో రెండు డబ్ల్యూ-2 బ్లాకులు. మొదటిది వాళ్ళ కంపెనీది, ఈఐఎన్ చివరి నాలుగంకెలు కలిశాయి. రెండోదానిలో తెలియని నాలుగు అక్షరాలు, జీతం సరిగ్గా 19,460, 401కె ఏమీ లేదు. 2022 పీడీఎఫ్‌లో అది లేదు. అంటే 2023లోనే మొదలైంది. ఆ రెండు కాగితాలూ టేబుల్ మీద పక్కపక్కన పెట్టి ఆ 19,460 చుట్టూ పెన్నుతో గీసిన తర్వాత గానీ అతను నమ్మలేదు.

ఆ తర్వాత చేసిన వరస ఇది:

1. IdentityTheft.gov లో రిపోర్ట్. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సైట్ ఇది. వేరేవాళ్ళు ఉద్యోగం కోసం నా నంబరు వాడారు అనే రకం ఎంచుకుంటే రిపోర్ట్ తయారై వస్తుంది. ఇది ముందు చెయ్యాలి, ఎందుకంటే మిగతా చోట్ల అందరికీ దీని కాపీ ఇవ్వాలి.

2. సోషల్ సెక్యూరిటీ ఆఫీస్. ముందే అపాయింట్‌మెంట్ తీసుకుని ఐడీ, ఎస్ఎస్ఎన్ కార్డు, డబ్ల్యూ-2, 2023 రిటర్న్, స్టేట్‌మెంట్, రిపోర్ట్ కాపీ, పూర్తి చేసిన SSA-7008 పట్టుకెళ్ళాడు. కౌంటర్‌లో ఆవిడ స్క్రీన్ మీద చూసి వేరే స్టేట్‌లో ఉన్న ఒక ఫుడ్ ప్యాకింగ్ కంపెనీ అని చెప్పింది. తను ఆ స్టేట్‌లో ఎప్పుడూ అడుగుపెట్టలేదని రాతపూర్వకంగా ఇచ్చాడు. అక్కడనుంచి బయటికి వచ్చేముందు కాగితాలు అందినట్టు రసీదు అడిగి తీసుకున్నాడు, అది తర్వాత పనికొచ్చింది.

3. ఐఆర్ఎస్ నోటీసుకి జవాబు. కొన్నాళ్ళకి CP2000 వచ్చింది, మీరు 19,460 ఆదాయం చూపించలేదు, ఇంత టాక్స్ కట్టాలి అని. చాలామంది ఇక్కడ గొడవెందుకులే అని కట్టేస్తారు, కట్టొద్దు, కడితే ఆ జీతం మీదేనని ఒప్పుకున్నట్టు. ఒప్పుకోవట్లేదు అనే గడిలో టిక్ పెట్టి, కారణం నాలుగు వాక్యాల్లో రాసి, రిపోర్ట్ కాపీ, సోషల్ సెక్యూరిటీ రసీదు జతచేసి గడువులోపు పంపాడు. మామూలుగా నోటీసు తేదీ నుంచి 30 రోజులు, అమెరికా బయట ఉంటే 60. కొన్ని నెలలకి ఆ టాక్స్ రద్దు చేశామని లెటర్ వచ్చింది, సోషల్ సెక్యూరిటీ రికార్డులో కూడా 1,32,400 కి తగ్గింది.

అతను మొదట్లో చెయ్యబోయి నేను ఆపిన తప్పు ఒకటుంది. ఆ రెండో డబ్ల్యూ-2లో కొంత టాక్స్ కోసి ఉంది, "దాన్ని కూడా రిటర్న్‌లో కలిపేస్తే రీఫండ్ వస్తుంది కదా" అన్నాడు. మీది కాని జీతాన్ని, దానిమీద కోసిన టాక్స్‌ని ఏ పరిస్థితిలోనూ మీ రిటర్న్‌లో పెట్టకూడదు.

"మన రికార్డులో జీతం ఎక్కువుంటే పెన్షన్ ఎక్కువొస్తుంది కదా, వదిలేస్తే పోలా?" అని కూడా అడుగుతుంటారు. ఆ జీతానికి టాక్స్ మీ మెడకి చుట్టుకుంటుంది, ఎప్పుడైనా మీకు నిజంగా డిసబిలిటీ గానీ అన్ఎంప్లాయ్‌మెంట్ గానీ అవసరమైతే మీరు పనిచేస్తున్నట్టే రికార్డు చూపిస్తుంది. పైగా సరిచేయించుకోవడానికి గడువుంది, జీతం వచ్చిన సంవత్సరం ముగిశాక 3 సంవత్సరాల 3 నెలల 15 రోజులు. మోసం జరిగినప్పుడు, వేరేవాళ్ళ జీతం మీ రికార్డులో పడినప్పుడు గడువు దాటినా సరిచేసే మినహాయింపులున్నాయి, కానీ అప్పటికి కాగితాలు దొరకడం కష్టం.

ఐఆర్ఎస్ నుంచి CP01E అని వస్తే మాత్రం కంగారు వద్దు. మీ నంబరుని వేరేవాళ్ళు ఉద్యోగానికి వాడినట్టు మాకు కనపడింది అని చెప్పడమే అది, డబ్బు అడగదు. దాన్ని దాచిపెట్టుకోండి, సోషల్ సెక్యూరిటీ ఆఫీసులో చూపించడానికి పనికొస్తుంది. ఫారం 14039 అనేది వేరే పరిస్థితికి, మీ నంబరుతో ఎవరో ముందే టాక్స్ రిటర్న్ వేసేసి మీ ఈ-ఫైల్ రిజెక్ట్ అయితే అప్పుడు వాడతారు.

## 8. మళ్ళీ జరగకుండా వేసే తాళాలు

ఐపీ పిన్. ఐఆర్ఎస్ అకౌంట్‌లోనే తీసుకోవచ్చు, ఆరంకెలు, ప్రతి ఏడాది కొత్తది. ఇది లేకుండా మీ నంబరుతో ఎవరూ రిటర్న్ ఈ-ఫైల్ చెయ్యలేరు. మీ సీపీఏకి కూడా ఫైల్ చేసేటప్పుడు మాత్రమే ఇవ్వండి. ఇది జీతం దొంగతనాన్ని ఆపదు, రీఫండ్ దొంగతనాన్ని ఆపుతుంది.

ఈ-వెరిఫై సెల్ఫ్ లాక్. కొత్తగా చేరేవాళ్ళకి అమెరికాలో పనిచేసే అర్హత ఉందో లేదో కంపెనీలు చూసుకునే ప్రభుత్వ సిస్టమ్ ఈ-వెరిఫై. జీతం దొంగతనానికి సూటిగా అడ్డం పడేది ఈ లాకే, కానీ మనవాళ్ళలో ఎక్కువమందికి తెలియదు. e-verify.gov లో myE-Verify అకౌంట్ తెరిచి మీ నంబరుకి లాక్ పెడితే, ఈ-వెరిఫై వాడే కంపెనీలో ఎవరైనా మీ నంబరుతో చేరబోతే అక్కడే మిస్‌మ్యాచ్ చూపిస్తుంది. అదే అకౌంట్‌లో మీ నంబరుని ఈ-వెరిఫైలో ఎప్పుడెప్పుడు చూశారో కేస్ హిస్టరీ కూడా ఉంటుంది, మీరు చేరని తేదీ కనపడితే అదొక ఆనవాలు. పరిమితి ఏంటంటే, అన్ని కంపెనీలూ ఈ-వెరిఫై వాడవు, వాడని చోట లాక్ పనిచెయ్యదు.

స్టెమ్ ఓపీటీ వాళ్ళు ఇక్కడ జాగ్రత్త. మీ కంపెనీ ఈ-వెరిఫైలో ఉండి తీరాలి, కాబట్టి కొత్త కంపెనీలో చేరేముందు లాక్ మీరే తియ్యాలి, లేకపోతే మీ సొంత కేసే మిస్‌మ్యాచ్ అవుతుంది. జాయినింగ్ డేట్‌కి వారం ముందు తీసేసి, హెచ్ఆర్ కేసు క్లియర్ అయిందని చెప్పాక మళ్ళీ పెట్టండి.

ది వర్క్ నంబర్ రిపోర్ట్. చాలా కంపెనీల పేరోల్ వివరాలు ఈక్విఫాక్స్ వాళ్ళ ఈ డేటాబేస్‌లోకి వెళ్తాయి. మీ రిపోర్ట్ ఏడాదికోసారి ఫ్రీగా తెప్పించుకోవచ్చు, ఫ్రీజ్ కూడా పెట్టొచ్చు. తెలియని కంపెనీ ఉంటే బయటపడుతుంది, ఐఆర్ఎస్ ట్రాన్స్‌క్రిప్ట్‌లా నెలల తరబడి ఆగక్కర్లేదు. అన్ని కంపెనీలూ ఇందులో ఉండవు, మా బావమరిది రిపోర్ట్‌లో ఆ ప్యాకింగ్ కంపెనీ కనపడలేదు.

మూడు క్రెడిట్ బ్యూరోల ఫ్రీజ్ కూడా ఎలాగూ పెట్టండి, 2018 సెప్టెంబరు నుంచి అది ఫ్రీ.

ఏడాది చెక్‌లిస్ట్:

- జనవరి: తెలియని 1099-జి, SSA-1099, 1095-ఎ వచ్చాయా; కొత్త ఐపీ పిన్ తీసుకున్నారా
- జులై: ఐఆర్ఎస్ ట్రాన్స్‌క్రిప్ట్ తీసి డబ్ల్యూ-2ల సంఖ్య లెక్కపెట్టండి
- సెప్టెంబరు: మెడికేర్ కాలమ్‌ని బాక్స్ 5 తో పోల్చండి, బెనిఫిట్ లెటర్ తీయండి
- ఉద్యోగం మారినప్పుడు: సెల్ఫ్ లాక్ తీసి, చేరాక పెట్టండి; పేరోల్‌లో పేరు కార్డులో ఉన్నట్టే ఉందా చూడండి

## 9. ఇండియా వచ్చేసినవాళ్ళకి

హైదరాబాద్‌కో విజయవాడకో తిరిగొచ్చినవాళ్ళు ఎస్ఎస్ఎన్ సంగతే మర్చిపోతారు, నంబరు మాత్రం అలాగే బతికుంటుంది, చూసేవాళ్ళు ఉండరు. చెక్ చెయ్యడం మాత్రం మీకే తేలిక, తిరిగొచ్చిన మరుసటి సంవత్సరం నుంచి మీ రికార్డులో జీతం సున్నా ఉండాలి, ఏదైనా అంకె ఉంటే మీది కాదు.

ఇబ్బందల్లా లాగిన్. అమెరికా ఫోన్ నంబరు పోయాక, డ్రైవర్ లైసెన్స్ ఎక్స్‌పైర్ అయ్యాక ఆ అకౌంట్లు కొత్తగా తెరవడం చాలా కష్టం. ఫ్లైట్ ఎక్కేముందే సోషల్ సెక్యూరిటీ, ఐఆర్ఎస్, myE-Verify మూడు అకౌంట్లూ తెరిచి, ఓటీపీ ఫోన్‌కి కాకుండా ఆథెంటికేటర్ యాప్‌కి మార్చి, సెల్ఫ్ లాక్ పెట్టేసి రండి. పాత అపార్ట్‌మెంట్ అడ్రస్‌కి CP2000 వెళ్ళిపోతే మీకు తెలిసే దారే ఉండదు, అందుకని ఫారం 8822 పంపి ఐఆర్ఎస్ దగ్గర అడ్రస్ ఇక్కడికి మార్పించండి.

ఆల్రెడీ వచ్చేసి లాగిన్ లేనివాళ్ళు పోస్టులో చెయ్యాలి. ఫారం 4506-T లో 8వ గడి టిక్ పెట్టి పంపితే డబ్ల్యూ-2, 1099ల ట్రాన్స్‌క్రిప్ట్ ఐఆర్ఎస్ దగ్గరున్న మీ అడ్రస్‌కి వస్తుంది, కాబట్టి 8822 ముందు పంపి, మార్పు అయ్యాక ఇది పంపండి. కంపెనీల పూర్తి పేర్లు, అడ్రస్‌లతో సహా కావాలంటే సోషల్ సెక్యూరిటీ వాళ్ళ SSA-7050 ఫారం ఉంది, దానికి ఫీజు కట్టాలి, ఎంతనేది పంపేరోజు ఫారం మీదే చూడండి, మారుతుంటుంది. ట్రాన్స్‌క్రిప్ట్‌లో తెలియని డబ్ల్యూ-2 దొరికాకే దీనికి డబ్బు పెట్టండి.